బీచ్ షూట్లకీ, పందిట్లో పెళ్లిళ్లకీ తిరిగే గేర్‌కి ఫ్లోటర్ పాలసీ: జాబితా నుంచి క్లెయిమ్ దాకా

కళింగపట్నంలో సాయంత్రం వెలుతురు కోసం ఆగామంటే సముద్రపు గాలి కోసం కూడా ఆగినట్టే. రెండేళ్ల క్రితం ఒక ప్రీ వెడ్డింగ్ షూట్‌లో కెమెరాని ట్రైపాడ్ మీద పెట్టి, అమ్మాయి కుచ్చిళ్లు సర్దుకునేదాకా పక్కకి తిరిగాను. లైట్ స్టాండ్ కాళ్ల మీద ఇసుక సంచులు ఉన్నాయి, కానీ పెద్ద సాఫ్ట్‌బాక్స్‌కి గాలి ఎదురుగా తగిలితే అది తెరచాపే. ముందు ఒక కాలు ఇసుకలోంచి లేచింది, స్టాండ్ మెల్లగా ట్రైపాడ్ మీదకి ఒరిగింది, రెండూ కలిసి పడ్డాయి. తీసి చూస్తే లెన్స్ ఒక పక్కకి వంగి ఉంది, బాడీకీ లెన్స్‌కీ మధ్య గోరు దూరేంత సందు.

పాలసీ ఉంది. డబ్బులు కూడా వచ్చాయి. బిల్లు 62,000 అయితే చేతికి వచ్చింది 46,500. ఆ మిగతా 15,500 ఎందుకు రాలేదో ఒక్కో రూపాయీ లెక్క తేల్చుకున్నాక, పాలసీ తీసుకునే రోజే నేను ఏమేం వదిలేశానో అర్థమైంది. విజయనగరం, శ్రీకాకుళం చుట్టుపక్కల ఫ్రీలాన్స్‌గా పెళ్లిళ్లు, బీచ్ షూట్లు, జాతరలు తీసేవాళ్ల కోసం ఆ లెక్కనే వరసగా రాస్తున్నాను.

ఫ్లోటర్ అంటే ఏది తేలుతుంది, ఏది తేలదు

ముందు పేరు సంగతి. బీమా ఆఫీసుకి వెళ్లి "ఫ్లోటర్ కావాలి" అంటే చాలాసార్లు కుటుంబం మొత్తానికి కలిపి ఇచ్చే ఆరోగ్య బీమా కాగితం చేతిలో పెడతారు. మనకి కావలసింది అది కాదు. మన సామాను ఒక చోట ఉండదు, పొద్దున్న ఇంట్లో, మధ్యాహ్నం కారులో, రాత్రి పందిట్లో ఉంటుంది. ఎక్కడున్నా ఒకే పాలసీ కింద కవర్ అవ్వాలి. దాన్ని మన దగ్గర సాధారణంగా ఆల్ రిస్క్ పాలసీగానో, పోర్టబుల్ పరికరాలకి కవర్ జత చేసిన ఎలక్ట్రానిక్ ఎక్విప్‌మెంట్ పాలసీగానో ఇస్తారు. కాబట్టి అడిగేటప్పుడు ఇలా చెప్పండి: "వృత్తి కోసం వాడే కెమెరాలు, లెన్సులు, లాప్‌టాప్, లైట్లు. ఇంటి బయట, ఆరుబయట, దేశంలో ఎక్కడున్నా కవర్ కావాలి." ఇంటి సామాను బీమాలో రాయించేస్తే సరిపోతుందని కొందరు అనుకుంటారు, కానీ సంపాదన కోసం వాడే పరికరాలు అందులోకి రావు.

చాలామంది పొరపడేది ఇంకొకటి ఉంది. ఈ పాలసీలో తేలేది చోటు మాత్రమే, వస్తువు తేలదు. అంటే 5 లక్షలకి పాలసీ తీసుకున్నాం కదా, నా దగ్గరున్న ఏ వస్తువు విరిగినా ఆ 5 లక్షల్లోంచి ఇస్తారు అనుకుంటే కుదరదు. పాలసీ వెనకాల షెడ్యూల్ అని ఒక పట్టిక ఉంటుంది. అందులో పేరు, సీరియల్ నంబర్, విలువ రాసిన వస్తువుకే కవర్, అదీ దాని ఎదురుగా రాసిన విలువ మేరకే. కిందటి నెల కొన్న 85 ఎంఎం లెన్స్ ఆ పట్టికలో లేకపోతే, పాలసీ వరకూ ఆ లెన్స్ మీ దగ్గర లేనట్టే.

జాబితా: ఒక పూట కూర్చుని రాయండి

బ్యాగులన్నీ మంచం మీద గుమ్మరించి ఒక్కోటీ రాయండి. కంపెనీ, మోడల్, సీరియల్ నంబర్, కొన్న తేదీ, బిల్లు ఉందా లేదా, ఇవాళ కొత్తది కొంటే ఎంత. ట్రిగ్గర్లు, ఛార్జర్లు, ట్రైపాడ్, లైట్ స్టాండ్లు, బ్యాగ్ కూడా రాయండి. "యాక్సెసరీస్, మొత్తం 30,000" అని ఒక్క ముక్కలో రాస్తే క్లెయిమ్ రోజున అందులో ఏముందో నిరూపించడం మన తలకి చుట్టుకుంటుంది.

సీరియల్ నంబర్ అరిగిపోయిందా, లేక స్టిక్కర్ ఊడిపోయిందా? చాలా కెమెరాలు తీసిన ప్రతి ఫోటోలోనూ బాడీ నంబర్ని రాసి పెడతాయి, కొన్ని లెన్స్ నంబర్ కూడా రాస్తాయి. లాప్‌టాప్‌లో ఎగ్జిఫ్‌టూల్ అనే ప్రోగ్రామ్ ఉంటే ఏదైనా ఒరిజినల్ ఫైల్ మీద ఇలా కొట్టండి:

```
exiftool -SerialNumber -LensSerialNumber IMG_0001.CR3
```

ఇది నంబర్ కనుక్కోవడానికే కాదు. వస్తువు దొంగతనానికి గురైతే, అది మీ చేతుల్లో ఉండేదని చూపించడానికి ఆ నంబర్‌తో ఉన్న పాత ఫైళ్లు పనికొస్తాయి. అందుకే ప్రతి బాడీతో ప్రతి లెన్స్‌తో తీసిన ఒక ఒరిజినల్ ఫైల్‌ని, బిల్లుల ఫోటోలతో కలిపి మెయిల్‌లోనో డ్రైవ్‌లోనో పెట్టుకోండి. ఆ ఫోల్డర్ పోయే లాప్‌టాప్‌లోనే ఉంటే ఏం లాభం. లాప్‌టాప్ నంబర్‌కి విండోస్ పవర్‌షెల్‌లో:

```
Get-CimInstance Win32_BIOS | Select-Object SerialNumber
```

సెకండ్ హ్యాండ్ గేర్ మనలో చాలామంది దగ్గర ఉంటుంది. బిల్లు లేని వస్తువుని రాసుకోవడానికి కంపెనీలు ఇష్టపడవు. కొనేటప్పుడే అమ్మినవాళ్ల దగ్గర పాత బిల్లు కాపీ, సీరియల్ నంబర్‌తో సహా సంతకం చేసిన అమ్మకపు కాగితం తీసుకుని, డబ్బులు బ్యాంకు ద్వారానే పంపండి. డ్రోన్‌ని ఈ జాబితాలోంచి తీసేయండి, దానికి విడిగా పాలసీ కావాలి. డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం 250 గ్రాముల లోపు నానో డ్రోన్లకి తప్ప మిగతావాటికి థర్డ్ పార్టీ బీమా ఎలాగూ తప్పనిసరి. అద్దెకి తెచ్చిన లెన్స్ మీది కాదు, దాన్ని కవర్ చేయించాలంటే అద్దెకి తెచ్చిన వస్తువులని విడిగా చెప్పి రాయించాలి. అలాగే మీ లైట్లు ఇంకొకరికి అద్దెకి ఇస్తుంటే ఆ మాట కూడా ముందే చెప్పండి, ఎందుకంటే అద్దెకిచ్చిన సమయంలో జరిగిన నష్టాన్ని చాలా పాలసీలు ఒప్పుకోవు.

విలువ: నా 15,500 ఇక్కడే మొదలైంది

జాబితాలో ప్రతి వస్తువు ఎదురుగా ఏ అంకె వేయాలి? కొన్న ధర కాదు. అదే వస్తువు, లేదా అది మార్కెట్లో లేకపోతే దానికి సమానమైనది, ఇవాళ కొత్తగా కొంటే ఎంతవుతుందో ఆ ధర వేయాలి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకపోతే పన్నుతో కలిపి వేయండి. రిజిస్ట్రేషన్ ఉండి ఆ పన్నుని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకుంటుంటే పన్ను భాగాన్ని కంపెనీ ఇవ్వదు, కాబట్టి పన్ను లేకుండా వేస్తే చాలు.

నేనేం చేశానంటే, 24-70 లెన్స్‌కి పాత బిల్లు చూసి 1,05,000 వేశాను. పండగ ఆఫర్లో కొన్న ధర అది. పడిపోయిన రోజున అదే లెన్స్ కొత్తది 1,40,000. అంటే వస్తువు విలువలో నేను బీమా చేసింది 75 శాతమే. అలాంటప్పుడు కంపెనీ నష్టంలో కూడా 75 శాతమే ఇస్తుంది, మిగతా 25 శాతానికి మనమే బీమా కంపెనీ అన్నమాట. దీన్ని యావరేజ్ క్లాజ్ అంటారు. "లెన్స్ మొత్తం పోలేదు కదా, రిపేరే కదా, లక్ష దాటలేదు కదా" అని నేనూ అడిగాను. నష్టం ఎంతో తేల్చడానికి కంపెనీ పంపిన సర్వేయర్ గారు ఓపిగ్గా చెప్పారు, ఈ లెక్క చిన్న రిపేరుకైనా పెద్ద నష్టానికైనా ఒకటే, పైగా ఒక్కో వస్తువుకీ విడివిడిగా చూస్తారు, బాడీకి ఎక్కువ రాశాం కదా అని లెన్స్‌లో తగ్గింది సర్దరు అని.

లెన్స్ రిపేరు 36,000. దానిలో 75 శాతం, 27,000. బాడీ మౌంట్ రిపేరు 22,000, బాడీకి విలువ సరిగ్గానే రాశాను కాబట్టి పూర్తిగా ఒప్పుకున్నారు. పడిపోయిన లైట్‌లో ఫ్లాష్ ట్యూబ్ పగిలింది, అది 4,000. ట్యూబులు, బల్బులు, బ్యాటరీల్లాంటి అరిగిపోయే వస్తువులు పాలసీలో లేవు, దానికి సున్నా. మొత్తం 49,000. అందులోంచి ఎక్సెస్, అంటే ప్రతి క్లెయిమ్‌లో మనం భరించాల్సిన భాగం, నా పాలసీలో క్లెయిమ్ మీద 5 శాతం లేదా 2,500, ఏది ఎక్కువైతే అది. 5 శాతం 2,450 కాబట్టి 2,500 తీసేశారు. మిగిలింది 46,500.

లెన్స్‌కి 1,40,000 రాసి ఉంటే ఒప్పుకునేది 58,000, ఎక్సెస్ 2,900, చేతికి 55,100. ఒక్క అంకె వల్ల 8,600 తేడా. ప్రీమియం బీమా చేసిన విలువ మీద శాతంగా ఉంటుంది కాబట్టి 35,000 ఎక్కువ రాయించినందుకు కట్టాల్సింది చిన్న మొత్తమే. ప్రతి ఏడాదీ రెన్యువల్ నోటీసు రాగానే పాత అంకెల మీద సంతకం పెట్టకండి, ఆ రోజు ధరలు చూసి మార్చండి. దిగుమతి వస్తువులకి ధర పెరగడానికి డాలర్ పెరిగితే చాలు.

ఇంకో మాట కూడా అడగాలి. రిపేరు అయితే తరుగుదల తీసేస్తారా, మొత్తం పోతే తీసేస్తారా? ఎలక్ట్రానిక్ ఎక్విప్‌మెంట్ పాలసీలో మామూలుగా రిపేరు ఖర్చులో తరుగుదల కోయరు, కానీ వస్తువు పూర్తిగా పోతే లేదా బాగుచేయడానికి వీల్లేకుండా అయితే దాని వయసుకి తగ్గట్టు విలువ తగ్గించి ఇస్తారు. ఆల్ రిస్క్‌లో కంపెనీకో రకంగా ఉంటుంది. నాలుగేళ్ల పాత లాప్‌టాప్ ఉంటే ఈ ప్రశ్న చాలా ముఖ్యం.

కొటేషన్ రోజున పాలసీ వర్డింగ్ చేతిలో పట్టుకుని అడగాల్సినవి

బ్రోషర్ కాదు, పాలసీ వర్డింగ్ అడగండి. అందులో మినహాయింపుల పేజీ తీసి, మన ఊళ్లల్లో జరిగేవాటితో పోల్చుకోండి.

మొదటిది జనరేటర్. పల్లెల్లో పెళ్లి పందిళ్లు రాత్రంతా జనరేటర్ మీదే నడుస్తాయి. డీజే సెట్టు, సీరియల్ లైట్లు, మన ఎల్ఈడీ ప్యానెళ్లు అన్నీ ఒకే లైన్ మీద ఉంటాయి, డీజే ఆపిన క్షణంలో వోల్టేజ్ ఎగిరితే ముందు పోయేది మన లైట్ల అడాప్టర్లు. బయటి నుంచి దెబ్బ తగలకుండా లోపల కరెంటు వల్ల కాలిపోతే దాన్ని విద్యుత్ బ్రేక్‌డౌన్ అంటారు, మామూలు ఆల్ రిస్క్ పాలసీలు దీన్ని ఒప్పుకోవు. ఎలక్ట్రానిక్ ఎక్విప్‌మెంట్ పాలసీ షార్ట్ సర్క్యూట్‌నీ హై వోల్టేజ్‌నీ కవర్ చేస్తుంది, కానీ అది మొదట్లో ఒకచోట ఉండే యంత్రాల కోసం రాసిన పాలసీ. మన లైట్లు రోజుకో ఊళ్లో ఉంటాయి కాబట్టి పోర్టబుల్ కవర్ జత చేశారో లేదో షెడ్యూల్‌లో కళ్లారా చూడండి. రెండింటిలో ఒకటే ఎంచుకోవాల్సి వస్తే, లైట్లు ఎక్కువగా ఉన్నవాళ్లకి ఈ రెండోదే మేలని నా అభిప్రాయం. బ్యాటరీ మీద నడిచే లైట్లతో, ఫ్లాష్‌లతో పని కానిచ్చేవాళ్లకి ఆల్ రిస్క్ చాలు.

రెండోది సముద్రం. కెమెరా అలలో పడితే అది ప్రమాదం, అనుకోకుండా ఒక్కసారిగా జరిగింది, కవర్ అవుతుంది. కానీ భోగాపురం, భావనపాడు, బారువ బీచ్‌లలో ఏడాదంతా తీసి తీసి ఉప్పు గాలికి కాంటాక్టులు పచ్చబడితే, లెన్స్‌లో ఫంగస్ పడితే, జూమ్ రింగ్‌లో ఇసుక చేరి గరగరమంటే అది నెమ్మదిగా జరిగిన నష్టం, ఏ పాలసీ ఇవ్వదు. కాబట్టి నీళ్లలో పడిన కెమెరాని వారం ఆగి చూపిస్తే ఆ తుప్పు ఎప్పటిదో ఎవరూ చెప్పలేరు. అదే రోజు చెప్పాలి.

తుఫాను గురించి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ చూసినవాళ్లం. తుఫాను, వరద పాలసీలో ఉన్నాయని రాతపూర్వకంగా ఉండాలి. అందులోనూ హెచ్చరిక వచ్చాక కవర్ కావాలంటే ఇవ్వరు, ఆగస్టులోపే తీసుకోవాలి.

లాప్‌టాప్ సంగతి: యంత్రానికి కవర్ ఉంటుంది, లోపలి ఫోటోలకి ఉండదు. పెళ్లి ఫోటోలు పోయాయని పెళ్లివాళ్లు డబ్బులు వెనక్కి అడిగితే ఆ నష్టం కూడా ఈ పాలసీలోకి రాదు. దానికి మందు రెండు కార్డుల్లో ఒకేసారి రాసుకోవడం, అంతే.

దొంగతనం: "పోయింది" అనే మాట

నాకు తెలిసిన ఒక తమ్ముడికి ఇది జరిగింది. తెల్లవారుజాము ముహూర్తం, చీపురుపల్లి వైపు ఒక ఊళ్లో పెళ్లి. తలంబ్రాలు అయ్యాక బ్యాగ్ పందిరి పక్కన కుర్చీలో పెట్టి, టిఫిన్ తిని వచ్చేసరికి బ్యాగ్ లేదు. స్టేషన్‌కి వెళ్లి కంగారులో అన్న మాట, "కెమెరా పోనాది సార్". అదే మాట కాగితం మీదకి వచ్చింది, బ్యాగ్ కనబడకుండా పోయిందని. తెలుగులో పోయింది అంటే పారేసుకున్నా పోయిందే, ఎత్తుకెళ్లినా పోయిందే. పాలసీకి ఆ రెండూ వేర్వేరు. ఎలా పోయిందో తెలియని నష్టాన్ని చాలా పాలసీలు మినహాయిస్తాయి.

అందుకే ఫిర్యాదులో జరిగింది జరిగినట్టు, వివరంగా రాయండి: బ్యాగ్ ఎక్కడ పెట్టాను, ఎంతసేపు దూరంగా ఉన్నాను, ఎవరు చూశారు, ఎవరో తీసుకెళ్లినట్టు వీడియోలోనో సీసీటీవీలోనో కనబడిందా. పెళ్లిళ్లలో మన వీడియోగ్రాఫర్ల ఫుటేజీయే పెద్ద సాక్ష్యం, ఆ రాత్రే చూడండి. జరగనిది మాత్రం రాయకండి, సర్వేయర్ పెళ్లివాళ్లని కూడా అడుగుతారు, ఒక్క అబద్ధం బయటపడితే మొత్తం క్లెయిమ్ పోతుంది.

అయితే ఆ తమ్ముడు మాట సరిగ్గా రాయించినా వచ్చేదో కాదో. ఎందుకంటే అతని పాలసీలో కాపలా లేకుండా వదిలిన వస్తువు దొంగతనానికి కవర్ లేదు. ఈ క్లాజ్ దాదాపు ప్రతి పాలసీలో ఏదో రూపంలో ఉంటుంది. కారు విషయంలో తలుపులు, అద్దాలు మూసి తాళం వేసి ఉండాలి, సామాను డిక్కీలో బయటికి కనబడకుండా ఉండాలి, అద్దమో తాళమో పగలగొట్టిన ఆనవాలు ఉండాలి. బైక్‌కి తగిలించిన బ్యాగ్‌కి ఇవేవీ కుదరవు. ఆర్టీసీ బస్సులో పైన పెట్టి నిద్రపోయినా ఇదే సమస్య. మా టీమ్‌లో ఇప్పుడు పద్ధతి ఏంటంటే, భోజనాలకి ఒక్కసారే అందరం వెళ్లం, బ్యాగుల దగ్గర ఎవరో ఒకరు ఉంటారు. విడిది ఇంట్లో గదికి తాళం ఇవ్వమని పెళ్లివాళ్లని అడ్వాన్స్ తీసుకునే రోజే అడుగుతాను. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం లాంటి జన సముద్రంలో అయితే బ్యాగే తీసుకెళ్లను, ఒంటి మీద ఉన్నంతే.

మీ దగ్గర పనిచేసే కుర్రాడే తీసుకెళ్లాడని తేలితే? నమ్మి అప్పగించిన మనిషి చేసిన దొంగతనం కూడా మామూలుగా మినహాయింపే.

జరిగిన రోజు ఏం చేయాలి

పడిన వస్తువుని పడినచోటే, కదిలించకముందే ఫోన్‌తో ఫోటోలు తీయండి, చుట్టూ ఉన్న చోటు కనబడేలా ఒకటి, సీరియల్ నంబర్ కనబడేలా ఒకటి. నీళ్లలో పడితే బ్యాటరీ, కార్డు తీసేయండి, ఆన్ చేసి చూడకండి. నష్టం పెరగకుండా చూడటం మన బాధ్యత, పాలసీలోనూ అదే రాసి ఉంటుంది.

అదే రోజు కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబర్ తీసుకోండి, దాంతోపాటు పాలసీ నంబర్, చోటు, సమయం, ఏం జరిగింది నాలుగు వాక్యాల్లో రాసి మెయిల్ పెట్టండి. ఏజెంట్‌కి చెప్పాం కదా అని ఊరుకోకండి. దొంగతనం అయితే ఎఫ్ఐఆర్ కావాలి. మీది విజయనగరం, దొంగతనం జరిగింది టెక్కలి దగ్గర అయినా ఫర్వాలేదు, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత, అంటే బీఎన్ఎస్ఎస్, 173వ సెక్షన్ ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఫిర్యాదిదారుకి ఉచితంగా ఇవ్వాలి. తరవాత వస్తువు దొరకలేదని పోలీసుల తుది నివేదిక కూడా కంపెనీ అడుగుతుంది, దానికి నెలలు పట్టవచ్చు.

సర్వేయర్ చూసేదాకా, లేదా కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకునేదాకా రిపేరు చేయించకండి. రేపు ఇంకో పెళ్లి ఉంది కదా అని తెలిసిన మెకానిక్ దగ్గర విప్పించేస్తే, విరిగిన ముక్కలు లేకపోతే, క్లెయిమ్ అక్కడితో ఆగిపోతుంది. అధీకృత సర్వీస్ సెంటర్ నుంచి ఎస్టిమేట్ తీసుకోండి, అందులో ఏ భాగానికి ఎంత, కూలి ఎంత విడివిడిగా ఉండాలి, "పడటం వల్ల" అని కారణం ఉండాలి. మార్చేసిన పాత భాగాలు అడిగి దాచుకోండి.

క్లెయిమ్ డబ్బులు వచ్చాక ఒక పని ఉంటుంది, నాకు అది చాలా ఆలస్యంగా తెలిసింది. ఇచ్చిన మొత్తం మేరకు పాలసీలో విలువ తగ్గుతుంది. మిగిలిన నెలలకి కొంచెం ప్రీమియం కట్టి దాన్ని మళ్లీ పూర్తి విలువకి తెప్పించుకోవాలి. మాఘమాసం ముహూర్తాలు ముందుంటే ఇది వాయిదా వేయకండి. సీజన్ మధ్యలో కొత్త లెన్స్ కొన్నా అంతే, బిల్లు వచ్చిన రోజే మెయిల్ పెట్టి, దాన్ని షెడ్యూల్‌లో చేర్చినట్టు ఎండార్స్‌మెంట్ అడగండి. ఆ కాగితం చేతికి వచ్చేదాకా ఆ లెన్స్‌ని బీచ్‌కి తీసుకెళ్లకుండా ఉంటాను నేనైతే.

కంపెనీ తిరస్కరిస్తే ఏ క్లాజ్ కింద తిరస్కరించారో రాసి ఇవ్వమనండి. ముందు ఆ కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌కి వెళ్లవచ్చు. మన జిల్లాలకి హైదరాబాద్ ఆఫీసు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, సొంత పేరు మీద లేదా ప్రొప్రయిటర్‌గా తీసుకున్న పాలసీలని చూస్తారు. కంపెనీ చివరి జవాబు వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి, కాబట్టి ఆ జవాబు వచ్చిన కవరు మీద తపాలా ముద్ర తేదీ కనబడేలా ఫోటో తీసి, బిల్లులున్న ఫోల్డర్‌లోనే పెట్టుకోండి.